వాచ్ ఛార్జింగ్ మూడు రోజుల నుంచి ఒక్క రోజుకు పడిపోయిందా? బ్యాటరీ మార్చే ముందు ఈ లెక్క చూడు

ప్రశ్న: అన్నా, మాది అల్లూరు. రొయ్యల గుంటలు చూసుకుంటాను. సిమ్ పనిచేసే స్మార్ట్‌వాచ్ కొని పద్నాలుగు నెలలైంది. మొదట్లో ఫుల్ ఛార్జింగ్ పెడితే మూడు రోజులు వచ్చేది. రెండు నెలల నుంచి పొద్దున ఫుల్ చేస్తే మరుసటి పొద్దుటికి 10, 15 శాతానికి వచ్చేస్తోంది. బాక్సు మీద 300 mAh అని ఉంది. షాపులో బ్యాటరీ పోయింది, 1,800 అవుతుంది అంటున్నారు. తడుస్తుందని ఫోన్ షెడ్‌లో పెట్టి గట్ల మీద తిరుగుతుంటాను. ఏ సెన్సార్, ఏ సెట్టింగ్ ఇంత తింటోంది?

జవాబు:

తమ్ముడూ, ఈ వారం మాత్రం బ్యాటరీకి డబ్బు కట్టొద్దు. నేను నెల్లూరులో పదకొండేళ్లుగా ఫోన్లు, వాచ్‌లు బాగుచేస్తున్నాను. నువ్వు రాసినదాంట్లో నాకు ఎక్కువ అనుమానం కలిగించింది సెన్సార్ కాదు. చివర్లో మామూలుగా రాసేసిన "ఫోన్ షెడ్‌లో పెట్టి" అన్న మాట. అయితే నా అనుమానం మీద నువ్వు ఆధారపడక్కర్లేదు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ముందు చిన్న లెక్క. 300 ఎంఏహెచ్ బ్యాటరీ 72 గంటలు రావాలంటే వాచ్ సగటున నాలుగు మిల్లీయాంపుల కరెంటే వాడాలి. అదే బ్యాటరీ 24 గంటల్లో అయిపోతోందంటే పన్నెండున్నర వాడుతోందన్నమాట. మధ్యలో ఎనిమిది మిల్లీయాంపులు ఎటు పోతున్నాయో పట్టుకోవాలి. శాతాల్లో చెప్తే ఇంకా తేలిక. మూడు రోజులొచ్చే వాచ్ గంటకు ఒకటిన్నర శాతం లోపే దిగుతుంది. నీది దాదాపు నాలుగు దిగుతోంది. ఈ దిగడం రోజంతా ఒకేలా ఉందా, కొన్ని గంటల్లోనే గబగబా జరుగుతోందా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

దానికి మూడు రాత్రులు, రెండు పగళ్లు కావాలి. ఒక కాగితం, పెన్ను చాలు. వాచ్‌లోని బ్యాటరీ పేజీ కూడా ఏ యాప్ ఎంత వాడిందో చూపిస్తుంది కానీ, రేడియో సిగ్నల్ కోసం ఖర్చయింది అందులో సరిగ్గా విడిగా కనిపించదు. అందుకే నేను కాగితాన్నే నమ్ముతాను.

మొదటి రాత్రి వాచ్ చేతికి పెట్టుకోవద్దు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పది గంటలకు ఎంత శాతం ఉందో రాసుకుని బల్ల మీద ఉంచు. పొద్దున ఆరుకి మళ్లీ చూడు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వాచ్ వెనక అద్దం బల్లకో గుడ్డకో ఆనుకుని ఉంటే సెన్సార్ దాన్నే చర్మం అనుకుని ఆకుపచ్చ లైటు వేసి కొలుస్తూనే ఉండొచ్చు. కాబట్టి బెల్టు మడతపెట్టి పక్కకు ఒరిగేలా పెట్టు, వెనక భాగం గాల్లో ఉండాలి. ఎనిమిది గంటల్లో మూడు, నాలుగు శాతం దిగితే బ్యాటరీ, లోపలి బోర్డు రెండూ బాగున్నట్టే. ఏమీ చేయకుండా పడుకున్న వాచ్ పదిహేను, ఇరవై శాతం తిన్నదంటే అది సెట్టింగ్‌ల సమస్య కాదు. ఏదో యాప్ ఇరుక్కుని నడుస్తూనే ఉండాలి, లేదంటే నీళ్లు లోపలికి వెళ్లి బోర్డు మీద కరెంటు కారుతుండాలి. ఒకసారి ఆపి ఆన్ చేసి మరుసటి రాత్రి మళ్లీ చూడు. అప్పుడూ అంతే దిగితే షాపుకు తీసుకెళ్లాల్సిందే.

రెండో రాత్రి ఏరోప్లేన్ మోడ్ తీసేసి, బ్లూటూత్ కలిసి ఉండేలా ఫోన్ పక్కనే పెట్టి, మళ్లీ బల్ల మీదే ఉంచు. మూడో రాత్రి ఎప్పటిలాగే చేతికి పెట్టుకుని పడుకో. పగళ్లలో ఒక రోజు ఫోన్ జేబులో పెట్టుకుని తిరుగు, ఇంకో రోజు నీ అలవాటు ప్రకారం షెడ్‌లో ఉంచు. రెండు రోజులూ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు ఎంత దిగిందో రాసుకో.

ఇదే పరీక్ష పోయినేడాది కోట అనే ఊరి వైపు గుంటలు చూసుకునే ఒకాయనతో చేయించాను. ఆయనదీ సిమ్ ఉన్న వాచే, 300 ఎంఏహెచ్చే. ఆయనకూ వేరేచోట బ్యాటరీ మార్చాలనే చెప్పారు. ఆయన కాగితం మీద వచ్చిన అంకెలు ఇవి. బల్ల మీద ఏరోప్లేన్ మోడ్‌లో రాత్రికి 3 శాతం. ఫోన్ పక్కన పెట్టి 5. చేతికి పెట్టుకుని పడుకుంటే 14. పగలు ఫోన్ జేబులో ఉన్న రోజు పన్నెండు గంటల్లో 24. ఫోన్ షెడ్‌లో ఉన్న రోజు 62.

చివరి రెండు అంకెలు పక్కపక్కన చూడు. అదే మనిషి, అవే గట్లు, అదే ఎండ. ఫోన్ ఎక్కడుందన్న ఒక్క తేడాకి 38 శాతం. సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఇంట్లో 8 పోయేది. మొత్తం కలిపితే 62, 8, 14. రోజుకు 84 శాతం. పొద్దున ఫుల్ చేస్తే మరుసటి పొద్దుటికి 16 మిగిలేది. నువ్వు చెప్పినట్టే ఉంది కదా.

ఎందుకిలా అవుతుందో చెప్తాను. ఫోన్ దగ్గరుంటే వాచ్ బ్లూటూత్‌తో సరిపెట్టుకుంటుంది. దానికి ఖర్చు చాలా తక్కువ. సుమారు పది మీటర్లు దాటితే ఆ లింకు తెగడం మొదలవుతుంది. తెగాక వాచ్ ఊరుకోదు. ముందు తెలిసిన వైఫై కోసం వెతుకుతుంది. అది దొరక్కపోతే తనలోని సిమ్ నెట్‌వర్క్‌ని లేపుతుంది. కొత్త వాచ్‌లో మొబైల్ నెట్‌వర్క్ మామూలుగా `Auto` అని ఉంటుంది. అంటే నువ్వు అడక్కుండానే ఈ పని జరిగిపోతుంది.

ఇక గుంటల దగ్గర టవర్ ఎక్కడో ఊళ్లో ఉంటుంది. సిగ్నల్ తక్కువగా ఉన్నప్పుడు వాచ్ తన మాట టవర్‌కి చేరడానికి గట్టిగా అరవాలి. ఎల్‌టీఈలో, అంటే 4జీలో, మామూలు ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా పంపగలదు. వాచ్‌లోని రేడియో కూడా దాదాపు ఆ స్థాయిదే. కానీ ఫోన్‌లో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, వాచ్‌లో 300. పదహారో వంతు. పైగా యాంటెన్నా చిన్నది, చెమట పట్టిన చేతికి అంటుకుని ఉంటుంది. అంటే పెద్ద ఇంజన్‌ని చిన్న ట్యాంకుతో నడుపుతున్నట్టు.

ఇంతకన్నా చెడ్డది ఇంకోటుంది. ఫోన్ మరీ దూరంగా ఉంటే వాచ్ ఒకసారి నెట్‌వర్క్‌కి మారి అక్కడే ఉండిపోతుంది. కానీ నువ్వు గట్టు చుట్టూ తిరుగుతావు. మేత వేస్తూ షెడ్ దగ్గరికి వస్తావు, చెక్ ట్రే చూడటానికి అవతలి మూలకి వెళ్తావు, ఏరియేటర్ దగ్గర ఆగి మళ్లీ వస్తావు. వచ్చిన ప్రతిసారీ బ్లూటూత్ కలుస్తుంది, ఆగిపోయిన నోటిఫికేషన్లన్నీ ఒక్కసారిగా దిగుతాయి, వెళ్లగానే మళ్లీ తెగుతుంది, మళ్లీ టవర్‌ని వెతుక్కుంటుంది. కోట ఆయనకు ఒక్క పూటలో ఇలా ముప్పైసార్లకు పైగా కలవడం, తెగడం జరిగింది. లింకు తెగినప్పుడు వాచ్ వణికేలా సెట్టింగ్ పెట్టి ఆయన చేతే లెక్కపెట్టించాను.

నీకు రెండు నెలల నుంచే ఇలా ఉందంటే, ఆ సమయంలో ఏం మారిందో గుర్తు తెచ్చుకో. సిమ్ అప్పుడు యాక్టివేట్ చేయించావా? అప్‌డేట్ ఏమైనా వచ్చిందా? ఫోన్ షెడ్‌లో పెట్టడం అప్పుడే మొదలైందా? అప్‌డేట్ తర్వాత ఒకటి రెండు రోజులు ఎక్కువ తినడం మామూలే, లోపల యాప్‌లన్నీ సర్దుకుంటాయి. రెండు నెలలు సాగదు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, ఫోన్‌ని నీళ్లు చేరని పౌచ్‌లో పెట్టి మెడలోనో చొక్కా జేబులోనో ఉంచుకోవడం. వాచ్ ఎడమ చేతికి ఉంటే ఫోన్ కూడా ఎడమ పక్కనే ఉంచు. మన ఒళ్లు ఎక్కువగా నీళ్లే, బ్లూటూత్ వాడే తరంగాలను నీళ్లు బాగా పీల్చేస్తాయి. ఎడమ చేతి వాచ్, కుడి వెనక జేబులో ఫోన్ ఉంటే అంత దగ్గర్లోనూ లింకు తడబడటం చూశాను. రెండోది, వాచ్‌లో `Settings` లోకి వెళ్లి మొబైల్ నెట్‌వర్క్‌ని `Auto` నుంచి `Always off` కి మార్చి, వైఫై కూడా ఆపేయడం. కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెం మారతాయి, దొరక్కపోతే కనెక్షన్ల పేజీలో చూడు. అప్పుడు గట్టు మీద ఉన్నంతసేపు కాల్స్, మెసేజ్‌లు వాచ్‌కి రావు. నడక, గుండె వేగం మాత్రం వాచ్‌లోనే రాసి ఉంటాయి, షెడ్‌కి రాగానే ఫోన్‌కి చేరతాయి.

నీ పనికి మొదటిదే మంచిదని నా అభిప్రాయం. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయని అర్ధరాత్రి ఎవరైనా ఫోన్ చేస్తే అది నీకు వినపడాలి. ఛార్జింగ్ మిగులుతుందని ఆ కాల్ పోగొట్టుకోకూడదు.

సిమ్ లేని వాచ్ వాడేవాళ్లకు ఇంత దెబ్బ ఉండదు. వాళ్లకు వైఫై వెతుకులాట ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు రాత్రి అంకె సంగతి. కోట ఆయనకు బల్ల మీద 5, చేతికి 14 అని చెప్పాను. ఆ తొమ్మిది శాతం సెన్సార్లది. గుండె వేగానికి వాచ్ ఆకుపచ్చ లైటు వేసి, చర్మం కింద రక్తం కదలికను బట్టి లెక్కపెడుతుంది. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి ఎరుపు లైటు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు వాడుతుంది. ఇది ఒక్కో కొలతకు ఎక్కువసేపు తీసుకుంటుంది, చేయి కదిలితే మళ్లీ మొదలుపెడుతుంది. నిద్రలో ఆక్సిజన్ కొలిచే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే తెల్లారేదాకా ఇదే పని. అది ఆపేశాక ఆయన రాత్రి అంకె 14 నుంచి 8కి వచ్చింది. గుండె వేగం, నిద్ర లెక్క రెండూ ఆన్‌లోనే ఉంచాం.

నిద్రలో ఊపిరి ఆగుతోందన్న అనుమానంతో డాక్టర్ చూడమని చెప్పి ఉంటే మాత్రం ఆపొద్దు. లేదంటే నెలకు ఒకటి రెండు రాత్రులు ఆన్ చేసి చూసుకుంటే సరిపోతుంది.

గుండె వేగం విషయంలో రెండు మాటలు. "ఎప్పుడూ కొలువు" అని ఉంటే "పది నిమిషాలకోసారి" అని మార్చుకోవచ్చు. వ్యాయామం మొదలుపెట్టినప్పుడు అదే మళ్లీ వరసగా కొలుస్తుంది. గుండె లయ తప్పితే హెచ్చరించే సదుపాయం నీ వాచ్‌లో ఉంటే అది ఆన్‌లోనే ఉంచుకో. ఇంకోటి, బెల్టు వదులుగా ఉంటే, వెనక అద్దం మీద ఉప్పు, బురద పొరలా పట్టి ఉంటే సెన్సార్‌కి సిగ్నల్ సరిగా అందదు. అప్పుడు లైటు కాంతి పెంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. గుంటల్లో పనిచేసేవాళ్ల వాచ్‌లు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందు తడిగుడ్డతో ఆ అద్దం తుడుస్తాను. రోజూ సాయంత్రం మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే ఛార్జర్ మీద పెట్టు. తడి ఉప్పునీళ్లతో ఛార్జింగ్ పెడితే పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి, ఆ తర్వాత ఛార్జింగ్ సరిగా ఎక్కదు.

నీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకోటుంది. చాలా వాచ్‌లు నువ్వు పది నిమిషాలు వరసగా నడిస్తే దాన్ని వ్యాయామం అనుకుని తమంతట తామే రికార్డు మొదలుపెడతాయి. గట్టు మీద తిరిగే మనిషికి ఇది రోజుకు నాలుగైదుసార్లు జరుగుతుంది. అలా మొదలైనప్పుడల్లా గుండె వేగం వరసగా కొలుస్తుంది. ఆ వ్యాయామానికి లొకేషన్ కూడా కలిపి ఉంటే జీపీఎస్ లేస్తుంది. వాచ్‌లోని సెన్సార్లలో ఎడతెగకుండా నడిస్తే ఎక్కువ తినేది జీపీఎస్సే. కాబట్టి వ్యాయామాన్ని తనంతట తానే గుర్తించే సెట్టింగ్ ఆపేయ్. అడుగుల లెక్కకు ఏ లోటూ రాదు, అది వేరే చిన్న సెన్సార్ పని, దాని ఖర్చు చాలా తక్కువ.

మిగిలింది స్క్రీన్. ఎప్పుడూ వెలిగి ఉండే డిస్‌ప్లే ఆన్‌లో ఉందేమో చూడు. దీని ఖర్చు ఎంతో చెప్పడానికి శాంసంగ్ గెలాక్సీ వాచ్ 6కి కంపెనీ ఇచ్చిన లెక్కే చాలు. అది ఆపితే 40 గంటల వరకు, ఆన్‌లో ఉంచితే 30 గంటల వరకు. అంటే నాలుగో వంతు దానికే పోతోంది. అమోలెడ్ స్క్రీన్‌లో నల్లగా ఉన్నచోట వెలుగే ఉండదు, కరెంటూ అక్కర్లేదు. అందుకే తెల్లటి, రంగుల ముఖం బదులు నల్లటి నేపథ్యం మీద సన్నటి ముల్లులున్న ముఖం పెట్టుకో. మన ఎండలో ఆటో బ్రైట్‌నెస్ స్క్రీన్‌ని గరిష్ఠానికి తీసుకెళ్తుంది. ఆ వెలుగులో ఎంత తక్కువసేపు వెలిగితే అంత మంచిది.

చేయి ఎత్తితే వెలిగే సెట్టింగ్ కూడా నీకు భారమే. మేత చల్లేటప్పుడు చేయి ఊపిన ప్రతిసారీ స్క్రీన్ వెలుగుతుంది. బండి మీద గతుకుల్లోనూ అంతే. దాన్ని ఆపి, వేలితో తాకితే వెలిగేలా పెట్టుకుంటే చాలు. నోటిఫికేషన్లు కూడా తగ్గించు. రొయ్యల కౌంట్ ధరల గ్రూపులు, మేత డీలర్ల గ్రూపులు, ఊరి గ్రూపు కలిపి రోజుకు రెండు వందల మెసేజ్‌లు వాచ్‌కి వస్తే, ఒక్కోదానికి ఎనిమిది సెకన్లు వెలిగినా అరగంటకు దగ్గరగా స్క్రీన్ వెలిగినట్టు. వణికే మోటారు ఖర్చు దానికి అదనం. వాచ్‌కి కాల్స్, ఇంట్లోవాళ్ల మెసేజ్‌లు వస్తే చాలదూ?

కోట ఆయన చివరికి ఫోన్‌ని పౌచ్‌లో మెడకు వేసుకున్నాడు. ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే, చేయి ఎత్తితే వెలగడం, నిద్రలో ఆక్సిజన్, వ్యాయామం గుర్తించడం ఆపేశాడు. పగలు 17, సాయంత్రం 6, రాత్రి 8. రోజుకు 31 శాతం. మళ్లీ మూడు రోజులు వచ్చింది, బ్యాటరీ పాతదే. ఫోన్ జేబులో పెట్టుకుని మిగతావేవీ మార్చకుండా ఉంటే రోజుకు 46 శాతం, అంటే రెండు రోజులు. కాబట్టి అన్నీ ఆపడం ఇష్టం లేకపోతే ముందు ఫోన్ సంగతి ఒక్కటి చూడు.

ఇక బ్యాటరీ. మూడు రోజులకోసారి ఛార్జింగ్ పెట్టావు కాబట్టి పద్నాలుగు నెలల్లో నూట నలభై చుట్లు, ఈ రెండు నెలల్లో రోజూ పెట్టడం వల్ల ఇంకో నలభై. లిథియం బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి ఐదు వందల చుట్లకు 80 శాతం దగ్గరికి తగ్గుతాయి. 80 శాతమే మిగిలిందనుకున్నా మూడు రోజులది రెండు రోజుల పైచిలుకు రావాలి, ఒక్క రోజుకు పడకూడదు. అది కూడా నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది. వేసవిలో బండి డిక్కీలో పెట్టి మరిచిపోవడం, ఎండలో ఛార్జింగ్ పెట్టడం లాంటివి ఉంటే త్వరగా చెడుతుంది, అది వేరు.

బ్యాటరీ నిజంగా పోతే గుర్తులు వేరుగా ఉంటాయి. 30 శాతం చూపిస్తూనే హఠాత్తుగా ఆగిపోతుంది. ఇదివరకు పట్టిన సమయంలో సగానికే ఫుల్ అంటుంది. వెనక మూతో, స్క్రీనో ఒక అంచున పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు ఛార్జింగ్ పెట్టడం, చేతికి పెట్టుకోవడం రెండూ వెంటనే ఆపి తీసుకురా.

మార్చక తప్పదని తేలితే ఒక్క విషయం ముందే అడుగు. వాచ్ విప్పాక నీళ్లు వెళ్లకుండా ఆపే రబ్బరు, జిగురు పాతవి పనికిరావు. కొత్త సీల్ వేసి, గాలి ఒత్తిడితో పరీక్షించి ఇస్తారా అని అడుగు. ఆ పరీక్ష చేయనిచోట మార్పిస్తే, ఆ వాచ్‌తో ఉప్పునీటి గుంటలో చేయి పెట్టకు. బ్యాటరీకి 1,800 కట్టిన నెలకే బోర్డు తుప్పు పట్టి వచ్చిన వాచ్‌లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ నేను బాగుచేయలేకపోయాను.